ఎండదెబ్బకు రాసిన జవాబు

మా ఇంట్లో మాట తక్కువ మనిషి అంటూ ఎవరూ లేరు. మా నాన్న చేలో నిలబడి కేకేస్తే రోడ్డు మీద పోయేవాళ్ళు తమనే పిలిచారనుకుని ఆగేవాళ్ళు. మా అమ్మ పాల ప్యాకెట్టుకని వెళ్ళి వీధి కబుర్లన్నీ మోసుకొచ్చేది. ఆ ఇంట్లో పుట్టినదాన్ని నేను. రెండు మార్కుల ప్రశ్నకు నాలుగు ముక్కల్లో జవాబు రాయమంటే నా వల్ల ఎక్కడవుతుంది?

అద్దంకిలో ఒక ఒకేషనల్ కాలేజీలో నర్సు పనికి సంబంధించిన ఇంటర్ చదువుతున్నాను అప్పుడు. పర్చూరు దాటి లోపలికి మా ఊరు. అన్ని పేపర్లూ ఎలాగో గట్టెక్కేవి గానీ ప్రథమ చికిత్స మాత్రం తన్నేసేది. పాముకాటు గురించి అడిగితే పేజీన్నర రాశాను. మా పెదనాన్న చేలో కట్లపాము ఎట్లా కనపడింది, ఎవరు కర్ర తెచ్చారు, ఎవరు భయపడి పత్తి చేలోకి దూకారు, అంతా రాశాను. ఆ పేపరు చెప్పే మేడమ్ చదివి నవ్వింది. అర మార్కు వేసింది.

"కథ బ్రహ్మాండంగా ఉంది. కరిచిన కాలు కదలకుండా ఉంచాలని ఎక్కడ రాశావు?"

రాయలేదు. పాము రంగు మాత్రం రాశాను.

ఆవిడ నాకొక పద్ధతి నేర్పింది. పుస్తకం మూసి ముందు నీ సొంత జవాబు రాయి. తర్వాత మోడల్ ఆన్సర్ పక్కన పెట్టుకో. దాంట్లో ఉన్న పాయింటు నీ జవాబులో ఉంటే పెన్సిల్‌తో టిక్కు పెట్టు. నీ దగ్గర ఉండి అక్కడ లేని ప్రతి వాక్యం కింద గీత గియ్యి, దీనికి మార్కు పడుతుందా అని అడుగు. పడదంటే కొట్టెయ్యి. ఆ తర్వాత రెండూ మూసేసి మళ్ళీ రాయి.

మొదట్లో నేను దాన్ని కూడా పాడు చేశాను. మోడల్ ఆన్సర్‌లో "ఎముక విరిగిన భాగాన్ని స్థిరంగా ఉంచాలి" అని ఉంటే, నేను "విరిగిన చెయ్యి ఊగకుండా బద్దలు కట్టాలి" అని రాసి, మాటలు కలవలేదని సున్నా వేసుకునేదాన్ని. మేడమ్ నెత్తి మీద మొట్టికాయ వేసింది. "మాటలు కాదే, పాయింటు చూడు. నీది కూడా ఒప్పే." ఇంకోసారి మోడల్ ఆన్సర్ మొత్తం బట్టీ కొట్టి అచ్చం అట్లాగే దించాను. అప్పుడింకా గట్టిగా తిట్టింది. బట్టీ కొడితే ప్రశ్న కొంచెం తిప్పి అడిగిన రోజున నోరు తెరుచుకుని కూర్చుంటావంది. నీకు తెలిసింది రాయి, తెలియంది ఏదో ఆ తేడాలో బయటపడుతుంది, అంది. ఆ మాట నాకప్పుడు పాఠంలాగే వినపడింది.

అది మిరపకు పురుగు విరుచుకుపడిన ఏడు. ఆకుముడతని ఒకరంటే తామర పురుగని ఒకరు, మా ఊళ్ళో అందరి నోటా అదే. మా నాన్న రెండు మూడు రకాల మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టేవాడు. మందుల కొట్టులో అట్లా కలుపుకోమని చెప్పారట. మూతికి తువ్వాలు చుట్టుకునేవాడు, అది కూడా చుట్ట కాల్చుకోవాలనిపిస్తే తీసేసేవాడు. వీపున వేసుకున్న మందు పంపు కారుతుండేది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుని, సాయంత్రం వాకిట్లోకి వచ్చేసరికి మనిషి కంటే ముందు ఆ వాసన వచ్చేది. ఆ చొక్కా దండెం మీద వేసి మర్నాడు మళ్ళీ అదే తొడుక్కునేవాడు. మందు కొట్టడానికి మంచి చొక్కా ఎందుకని.

రాను రాను సాయంత్రం అవుతుందంటే నాకు గుబులుగా ఉండేది. వచ్చి మంచం మీద పడిపోయేవాడు. అన్నం వద్దనేవాడు. తిన్నా కక్కేవాడు. ఒకరోజు నన్ను పట్టుకుని "ఏమే, లైటు ఎందుకు ఆర్పావు?" అన్నాడు. లైటు వెలుగుతూనే ఉంది.

"ఎండ తగిలింది లేవే," అనేవాడు మా నాన్న. అమ్మ కూడా అదే అనేది, పక్కింటివాళ్ళూ అదే. మా ఊళ్ళో మందు కొట్టి వచ్చి పడిపోయిన ప్రతి మగాడికీ ఎండే తగిలేది. మబ్బు పట్టిన రోజు కూడా ఎండే. మజ్జిగలో ఉప్పేసి తాగించి, తలకు తడిగుడ్డ వేసి పడుకోబెట్టేవాళ్ళు. తెల్లారి లేచి మళ్ళీ పంపు ఎత్తుకునేవాళ్ళు.

ఒక శనివారం మేడమ్ ఇచ్చిన ప్రశ్నల్లో ఒకటి: వడదెబ్బ లక్షణాలు రాయండి. హమ్మయ్య అనుకున్నాను. ఇది నాకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది? పుస్తకం మూసి గడగడా రాసేశాను. చొక్కా పిండుకునేంత చెమట పడుతుంది. నోట్లోంచి చొంగ కారుతుంది. కళ్ళు మసకబారతాయి, కంటి పాప చిన్నదైపోతుంది. వాంతులవుతాయి. కండలు వాటంతటవే అదురుతాయి. కథ రాయలేదు, చేను గురించి రాయలేదు, మా నాన్న పేరెత్తలేదు. ముక్కలు ముక్కలుగా, అచ్చం మేడమ్ చెప్పినట్టు రాశాను. నా అంతటి దాన్ని నేనేనని మురిసిపోయి మోడల్ ఆన్సర్ పక్కన పెట్టాను.

ఒళ్ళు విపరీతంగా కాలిపోవడం. చర్మం ఎర్రగా, పొడిగా ఉండడం. నాడి వేగంగా కొట్టుకోవడం. మాట తడబడడం, స్పృహ తప్పడం.

ఒక్క టిక్కు పడలేదు. మాటలు కాదు, పాయింట్లు చూసుకున్నాను. అయినా ఒక్కటీ లేదు. వాళ్ళు పొడి చర్మం అంటారు, నేను చెమట అంటాను. ఏడిసినట్టుంది, మోడల్ ఆన్సరే తప్పు అచ్చేశారు అనుకున్నాను. నేను కళ్ళారా చూసినదాన్ని కాదనడానికి వీళ్ళెవరు?

సోమవారం ఆ కాగితం పట్టుకుని మేడమ్ దగ్గరికి పోట్లాటకే వెళ్ళాను. ఆవిడ చదివింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"ఎవర్ని చూసి రాశావు?"

"మా నాన్నని మేడమ్. ఎండ తగిలినప్పుడల్లా ఇట్లాగే అవుతాడు."

"మీ నాన్న ఏం పంట వేశాడు?"

"మిరప మేడమ్."

ఆవిడ నోట్సులో ఇంకా చెప్పని పాఠం తిరగేసి, వేరే మోడల్ ఆన్సర్ తీసి నా కాగితం పక్కన పెట్టింది. తనే పెన్సిల్ తీసుకుంది. చెమట, టిక్కు. చొంగ, టిక్కు. కంటిపాప చిన్నదవడం, చూపు మసక, టిక్కు. వాంతులు, టిక్కు. కండరాలు అదరడం, టిక్కు. నా జీవితంలో ఒక జవాబుకు అన్ని టిక్కులు పడడం అదే మొదటిసారి. పైన ప్రశ్న చదివాను. పురుగుమందు విషప్రభావ లక్షణాలు.

ఆ జాబితాలో చివరన ఇంకొక పాయింటు ఉంది, నా కాగితంలో లేనిది. ఊపిరి అందకపోవడం. దాని దగ్గర మేడమ్ పెన్సిల్ ఆపింది.

"ఇది ఉందా?"

"లేదు మేడమ్."

"రాకముందే ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఇవాళ మందు కొడుతున్నాడా?"

కొడుతున్నాడు. పొద్దున నేను బస్సెక్కేటప్పుడు ట్యాంకులో నీళ్ళు పోస్తున్నాడు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్నది మోగి మోగి ఆగిపోయింది. అమ్మ ఎత్తి, చేలోనే ఉన్నాడని, సాయంత్రానికి వస్తాడని, ఇంత కంగారేంటని అడిగింది. వెంటనే మాన్పించు అన్నాను. నీ మాట వింటాడా నా మాట వింటాడా అని ఫోన్ పెట్టేసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా మిరప చేలల్లో పంపులు వీపున వేసుకుని మనుషులు. తుంపర తెల్లగా లేచి గాలికి వాళ్ళ మీదికే వాలుతోంది. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం వాళ్ళ మొహాలు చూడలేక కళ్ళు మూసుకున్నాను.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. నాన్న అప్పటికే మంచం మీద ఉన్నాడు, తడి చొక్కాతోనే. అమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడింది.

"నాన్నా, అది ఎండ కాదు, మందు. లే, ఆసుపత్రికి పోదాం," అన్నాను.

"చాల్లే ఆపు నీ సోది," అన్నాడు. తిట్టే తిట్టు పాతదే, గొంతులో మాత్రం సత్తువ లేదు.

ఏం చెయ్యాలో తోచక మేడమ్ ఇచ్చిన కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. చెమట, అన్నాను. "ఉంది," అన్నాడు, ఆట పట్టించినట్టు. చొంగ. తువ్వాలుతో మూతి తుడుచుకుని "ఉందిలే," అన్నాడు. చూపు మసక. "ఉంది." ఈసారి ఆటలేదు. వాంతులు. "ఉంది." కండలు అదరడం. చెయ్యి పైకెత్తి తనే చూసుకున్నాడు. మోచేతి పైన చర్మం కింద ఏదో పాకుతున్నట్టు అదురుతోంది.

చివరిది ఒక్కటే మిగిలింది. ఎలాగో చదివాను.

"ఊపిరి అందకపోవడం."

మా నాన్న నా మొహం వైపు చూశాడు. నేను కనపడుతున్నానో లేదో తెలియదు.

"అది ఇప్పుడు," అన్నాడు.

అమ్మ గ్లాసు నోటి దగ్గరికి తీసుకెళ్ళబోతే చేతిలోంచి లాగేశాను. ఏమీ తాగించొద్దన్నాను. కవర్లు చేతులకు తొడుక్కుని చొక్కా, లుంగీ తీసేశాం. సబ్బు పెట్టి బకెట్ల కొద్దీ నీళ్ళు పోశాం. 108కి ఫోన్ చేశాను. కొట్టంలోకి పరిగెత్తి ఆ రోజు కలిపిన సీసాలన్నీ సంచిలో వేసుకున్నాను. అమ్మ ఏడుస్తూనే నేను చెప్పిందల్లా చేసింది. ఒక్క ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

108 వాళ్ళు గుంటూరు తీసుకెళ్ళాలన్నారు, తీసుకెళ్ళాం. డాక్టరు ఏమైందని అడిగితే, పేజీన్నర రాసే నేను, ఊపిరి తీసుకోకుండా ఇంతే చెప్పాను. "మిరపకు మందు కొట్టాడు. పొద్దున్నుంచి. చెమట, చొంగ, వాంతులు, చూపు మసక, కండలు అదురు. ఊపిరి సాయంత్రం నుంచి. బట్టలు తీసి కడిగాం. ఏమీ తాగించలేదు. సీసాలివి." ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. సీసా తిప్పి చదివి, లోపలికి కేక వేశాడు. ఇంజెక్షన్లు ఎక్కించారు. గొంతులోకి గొట్టం వేసి మిషను పెట్టారు. ఆ మిషను చప్పుడు ఎప్పుడు ఆగుతుందోనని, ఆగితే ఎందుకు ఆగిందోనని, నేనూ అమ్మా తలుపు బయట చాలా రోజులు కూర్చున్నాం.

మా నాన్న బతికాడు. గొట్టం తీశాక గొంతు మాత్రం తిరిగి రాలేదు. గాలి తప్ప శబ్దం ఉండదు, రెండో మాటకే ఆయాసం. చేను కౌలుకిచ్చాం.

ఆ ఏడు పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. మోడల్ ఆన్సర్‌లో ఉన్నవన్నీ రాసి, ఒక్క మాట ఎక్కువ రాయకుండా కలం మూశాను. ఇప్పుడు నేను నర్సునే. కేసు షీట్లో నేను రాసేది చూసి పొందిగ్గా రాస్తావంటారు డాక్టర్లు.

మళ్ళీ మిరప సీజన్ మొదలైంది. కౌలుదారు పంపు వీపున వేసుకుని మా వాకిలి ముందు నుంచే వెళతాడు. తువ్వాలు మెడలో ఉంటుంది, మూతికి ఉండదు. గాలి ఇటు తిరిగితే ఆ వాసన అరుగు మీదికి వస్తుంది. చెప్పాను అతనికి, పొట్టిగానూ చెప్పాను, పొడుగ్గానూ చెప్పాను. నిన్న వాళ్ళావిడ మజ్జిగకని వచ్చింది. ఆయనకు ఎండ తగిలిందట.

పరిగెత్తాను. వెళ్ళి చూసి, ఆసుపత్రికి పంపించి, ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

"అన్నం తిన్నావా నాన్నా?"

"ఆ."

"భయమేసిందా?"

"ఆ."

ఆయన పక్కన కూర్చున్నాను. మా నాన్న జవాబుల్లో ఇప్పుడు కొట్టేయడానికి ఒక్క మాట కూడా ఉండదు. ఏదైనా సోది చెప్పు నాన్నా అని అడిగాను. నోరు తెరిచాడు, ఊపిరి కోసం ఆగాడు, మళ్ళీ మూసుకున్నాడు.