అందరికీ ఇదే నంబరు

బట్టలు కుట్టే కంపెనీలో ఆవిడను అందరూ లైనక్క అనేవారు. మిషన్ల వరుస మొత్తం ఆవిడ చేతికింద నడిచేది. ఒక కుట్టు పక్కకు పోయిందంటే చొక్కా కుట్లు విప్పించి మళ్ళీ కుట్టించేది. అలాంటి మనిషి పదవీ విరమణ చేశాక సొంతంగా చేసిన మొదటి పనే తప్పు కుట్టయింది.

తన లైనులో పనిచేసిన ఆడవాళ్ళందరికీ మిషనుకు తగిలించుకునే చిన్న దీపం పంపాలనుకుంది. కళ్ళు అరిగిపోయే పని కదా! ఒక్కసారి డబ్బు కడితే ఎన్ని ఇళ్ళకైనా పంపుతామని రాసుకున్న ఒక దుకాణం ఫోనులో దొరికింది. చిరునామాలు ఒక్కొక్కటే కొట్టింది. ప్రతి పేరు కిందా ఫోన్ నంబరు అడుగుతుంటే విసుగొచ్చింది. పక్కనే 'అందరికీ ఇదే నంబరు' అని ఒక గడి కనబడింది. హమ్మయ్య అనుకుని దాని మీద నొక్కేసింది.

అన్నీ అయ్యాక, డబ్బు కట్టే ముందు, చాలాసేపు ఆగి ఇంకో చిరునామా కలిపింది. అది చెల్లెలిది. అమ్మ కుట్టుమిషను ఎవరిదన్న గొడవలో మాటలు పోయి ఏళ్ళయింది. మిషను అక్క దగ్గరే ఉండిపోయింది. చెల్లెలు అరువు మిషను మీద కుడుతోందని ఎవరో చెప్పారు. పేరు చూస్తే గుమ్మంలోంచే తిప్పి పంపుతుందని, పంపినవారి పేరు ఆ ఒక్కదానికి ఖాళీగా వదిలేసింది. దీపం దాని చేతికి చేరితే చాలు. అంతకుమించి ఆశపడే ధైర్యం లేదు.

పార్సిళ్ళు ఊరికి చేరిన రోజు కొంప మునిగింది. ఓటీపీ చెబితేగాని ఇవ్వరట. ఆ ఓటీపీలన్నీ పుచ్చుకునేవాళ్ళకు కాక ఈవిడ ఫోనుకే వచ్చిపడ్డాయి. పోనీ, ఏది ఎవరిదో తెలుస్తుందా? ఆర్డరు ఒక్కటే కాబట్టి ప్రతి మెసేజీలోనూ అదే ఆర్డరు నంబరు! పేరు లేదు, వీధి లేదు.

దుకాణానికి ఫోను చేస్తే ఒకమ్మాయి తీయగా చెప్పింది. "లేబుల్ ప్రింటయ్యాక నంబరు మార్చలేమండీ."

"నేను మార్చమనట్లేదమ్మా! ఏది ఎవరిదో చెప్పమంటున్నా."

"అది కొరియర్ వాళ్ళ దగ్గరుంటుందండీ."

కొరియర్ ఆఫీసులో ఫోను ఎత్తే నాథుడే లేడు. లైనక్క ఫోనును మంచం మీద విసిరికొట్టి, మళ్ళీ తనే పరుగెత్తి తీసుకుంది.

బొత్తాలు కుట్టే ఆవిడైతే ఫోను చేసి గర్వంగా చెప్పింది. "అక్కా, ఎవడో దీపమని వచ్చి నంబరేదో అడిగాడు. మోసగాడని తరిమేశా!"

"నీ తెలివి మండిపోనూ! అది నేను పంపిందే!"

కొందరికి గుడ్డిగా అంకెలు చెప్పి ఎలాగో ఇప్పించింది. నాలుగు ఓటీపీలు మిగిలాయి. మర్నాడు మళ్ళీ ఫోను మోగింది.

"మేడం, కొరియర్. ఇక్కడ వీళ్ళకి ఓటీపీ తెలీదంట. లేబుల్ మీద మీ నంబరుంటే చేశా. నిన్నొస్తే తాళం. ఇవాళ కూడా కుదరకపోతే వెనక్కి పంపేస్తాం." అతను చెప్పిన వీధి చెల్లెలిది.

ఒక ఓటీపీ చదివింది.

"కాదు మేడం."

ఇంకొకటి చదివింది.

"ఇదీ కాదు. ఇంకోసారి తప్పితే లాకైపోద్ది. చూసి చెప్పండి."

ఏం చూసి చెప్పాలి? అంకెలన్నీ అలుక్కుపోతున్నాయి. ఈ వయసులో ఏడుపొచ్చింది, కోపంతో. "నాకు తెలీట్లేదు బాబూ! పాడు ఆర్డరు, పాడు గడి!"

అవతల ఫోను స్పీకరులో ఉందేమో, ఇంకో గొంతు వినిపించింది. "ఎవరది? అక్కా?"

చెల్లెలి గొంతే. లైనక్క ఫోనును చెవికి అదుముకుంది.

"నువ్వేనా పంపింది? ఇంకా ఎందరికి పంపావ్?"

"లైను మొత్తానికి..."

"అయితే చివర వచ్చిన మెసేజీ చదువు. నన్నెప్పుడూ ఆఖర్నేగా తలుచుకుంటావ్."

చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట నిజం. చివరి మెసేజీ తెరిచి అంకెలు ఒక్కొక్కటే చదివింది.

"ఆ, అయింది మేడం!" అన్నాడు కొరియర్ అతను.

అట్టపెట్టె చించిన చప్పుడు వినిపించింది. ఇక అంతేననుకుని లైనక్క ఫోను దించబోయింది.

"ఈసారి పంపితే నా నంబరు రాయి," అంది చెల్లెలు. "ఈ ఓటీపీల గోల నేను పడలేను."

"నీ నంబరు నా దగ్గర లేదే."

చెల్లెలు విసుగ్గానే అంది. "చెప్తా, రాసుకో."