సనియ్యా మింగేసిన జగ్రూత

మహల్లా పట్నంలో బట్టల మిల్లుల వెనక వీధిలో ఎవరింట శుభం జరిగినా ముందు సనియ్యాకే కబురు వస్తుంది. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుక ఆడిస్తూ ఆమె జగ్రూత అనే సంబరాల కూత తీసిందంటే నాలుగంతస్తుల మెట్లూ దాటి అవతలి వీధి రొట్టెల కొట్టు దాకా వినిపిస్తుంది. నిశ్చితార్థానికి తీసింది, పురుటికి తీసింది, కింది వాటా వాళ్ళు కొత్త వాషింగ్ మెషీన్ దింపుకుంటే దానికీ తీసింది. ముప్పై ఏళ్ళు మిల్లులో మగ్గాల హోరు మీద అరిచి మాట్లాడిన గొంతు మరి.

అలాంటి సనియ్యా ఆ ఆగస్టు మధ్యాహ్నం ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఉతికిన దుప్పట్లు మడతపెట్టింది, విప్పి మళ్ళీ మడతపెట్టింది. గులాబీ షర్బత్ జగ్గులో కలిపి, చక్కెర సరిపోయిందో లేదో నాలుగుసార్లు రుచి చూసి, నాలుగుసార్లూ మర్చిపోయింది. తమ్ముడి పిల్లలు కవలలిద్దరూ సెకండరీ పరీక్షలు రాశారు. ఫలితాలు ఏ నిమిషంలోనైనా రావచ్చు. వాళ్ళమ్మ పోయి ఎనిమిదేళ్ళు. అప్పట్నించీ ఆ పిల్లల మంచీ చెడ్డా సనియ్యావే.

ఆడపిల్ల రొదైనా సైన్సు. మగపిల్లవాడు హాజిం ఆర్ట్స్. ఇద్దరి పేపర్లూ వేరు, మొత్తం మార్కులు మాత్రం ఒకటే, నాలుగువందల పది. ఆ పిల్ల బాగా రాసిందని వీధికంతా తెలుసు. వీడు ఎలా రాశాడో వీడికే తెలియదు. సనియ్యా గుబులంతా అదే. పిల్లకి మార్కులు రావాలని ఎంత కోరుకుంటోందో, వస్తే పిల్లవాడు ఏమైపోతాడోనని అంత బెంగ.

బెంగకి కారణం ఉంది. నలభై రెండేళ్ళ కిందట సనియ్యా కూడా అక్క నయీమాతో కలిసి ఇదే పరీక్ష రాసింది. నయీమాకి మార్కుల వాన, తనకి అంతంతమాత్రం. ఇల్లంతా జగ్రూతలు. ఒక పెద్దావిడ అక్కని ముద్దులాడి, ఇటు తిరిగి, అలవాటు కొద్దీ, "నీకూ ఇలాగే రావాలి తల్లీ!" అని దీవించింది. చేతిలో తన మార్కుల కాగితం నలుపుకుంటూ నిలబడ్డ సనియ్యా మేడెక్కి, పావురాల గూడు వెనక పొద్దు కుంకేదాకా కూర్చుంది. ఆ దీవెన ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటూనే ఉంది.

"అత్తా! వచ్చేశాయి, వచ్చేశాయి!" రొదైనా గావుకేక పెట్టింది.

ఫోను హాజిం చేతిలోనే ఉంది. రొదైనా కంగారులో తప్పులు కొడుతోందని చెల్లెలి సీటు నంబరు వాడే కొట్టాడు. పేజీ ఒకసారి ఆగింది, రెండోసారి ఆగింది, మూడోసారి తెరుచుకుంది.

"మూడువందల తొంభై రెండు!" హాజిం ఎగిరి గంతేశాడు. "తొంభై ఐదున్నర శాతం! ఓసి రాక్షసీ, ఫిజిక్సులో అరవైకి యాభై ఏడు!"

రొదైనా ముఖం దాచుకుని ఏడ్చేసింది, మళ్ళీ నవ్వేసింది. కవలల పెద్దక్క షురూక్ వచ్చి దాన్ని వాటేసుకుంది. షురూక్ మూడేళ్ళ కిందట ఇదే పరీక్షలో యాభై ఎనిమిది శాతంతో బయటపడి, రెండేళ్ళ ఇన్‌స్టిట్యూట్ చదువు ముగించి, ఇప్పుడొక ల్యాబ్‌లో పనిచేస్తోంది. ఆ గోలలో హాజిం పక్కకి తిరిగి తన నంబరు తను కొట్టుకున్నాడు. చూశాడు. "రెండువందల యాభై ఒకటి" అన్నాడు, ఎవరి మార్కులో చెబుతున్నట్టు.

జగ్రూత కోసం సనియ్యా చెయ్యి నోటి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే పనిలో ఉన్న తమ్ముడు ఫహ్మీ ఫోను చేశాడు. పొద్దుట్నించీ పది నిమిషాలకోసారి చేస్తూనే ఉన్నాడు. స్పీకరు ఆన్‌లో ఉంది.

"నా బంగారం! నా డాక్టరమ్మ!" అని కాసేపు మురిసి, "మరి వాడికెంత?" అన్నాడు. చెప్పారు. "అరవై ఒకటా? అదే కడుపున పుట్టారు, అదే బల్ల ముందు కూర్చున్నారు. దాని బుద్ధిలో సగం ఉంటే..."

సనియ్యా ఫోను లాక్కుని కట్ చేసింది. వయసులో పెద్దది, ఆ మాత్రం అధికారం ఉంది. హాజిం మాత్రం వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఇక సనియ్యా నిర్ణయించేసుకుంది. ఇవాళ ఈ ఇంట్లో జగ్రూత లేదు. షర్బత్ జగ్గుని ఫ్రిజ్‌లో వెనక్కి తోసింది. రొదైనాని దగ్గరికి తీసుకుని, నుదుట ముద్దు పెట్టి, అభినందిస్తూ చెవిలో గుసగుసగా "మబ్రూక్ తల్లీ, మబ్రూక్. కాస్త మెల్లగా సంతోషపడదాం, ఏం?" అంది. ఆ మాట అన్నప్పుడు పిల్ల ముఖంలో ఏం మారిందో చూడలేదు. వాడినే కనిపెట్టుకుని ఉంది. అటు వరండాలోకి తొంగిచూస్తుంది, ఇటు వంటింట్లోకి వస్తుంది. పై అంతస్తులో ఎవరో జగ్రూత తీశారు. కింద ఇంకొకరు. వీళ్ళ వాకిలి మాత్రం మూగనోము పట్టింది.

పావుగంట గడిచిందో లేదో తలుపు చప్పుడైంది. ఎదురింటి ఉమ్మ్ షహాతా. పొద్దుట్నించీ చెవులు ఇటే వేసుకుని కూర్చున్న మనిషి. తల మీది ముసుగు సర్దుకుని, కళ్ళు దించుకుని, పరామర్శకి వచ్చినదానిలా లోపలికొచ్చి నేరుగా రొదైనా చేతులు పట్టుకుంది.

"బాధపడకమ్మా. ఆ దేవుడు ఎలా రాస్తే అలా. రెండో విడత పరీక్షలున్నాయిగా, ఆ పోయిన సబ్జెక్టు కట్టేసుకుందువుగాని."

"పోయిన సబ్జెక్టేంటి?" రొదైనా తెల్లబోయింది.

"మరి మీ అత్త నోరు విప్పలేదుగా! నలుగురం మెట్ల మీదే నిలబడి ఉన్నాం. సనియ్యా గొంతు లేవలేదంటే పిల్ల తప్పిందనే అనుకున్నాం."

రొదైనా మేనత్త వైపు చూసింది. "వాషింగ్ మెషీన్‌కి తీశావు అత్తా" అంది. "నేను సంవత్సరమంతా తెల్లవారుజామున ఫజర్ నమాజుకి లేచి చదివాను. ఫిజిక్సు లెక్కలు రాక నీ ఒళ్ళోనే ఏడ్చాను. నీకు తెలుసు. నీకొక్కదానికే తెలుసు." గదిలోకి వెళ్ళి ధడాలున తలుపేసుకుంది.

సనియ్యా వంటింట్లోకి పారిపోయింది. చేతులకేదో పని కావాలి గనక కడిగిన గ్లాసులే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. వెనక నుంచి హాజిం వచ్చి కుళాయి కట్టేశాడు.

"నాకోసమే ఆపావా?"

"నీకోసం కాదురా, గొంతు బాలేదు..."

"అత్తా, నీకు అబద్ధం చెప్పడం రాదు." వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని మాట నిలకడగానే ఉంది. "నాన్న తిట్టాడు, సరే, అలవాటే. నువ్వు చేసింది అంతకంటే ఎక్కువ. రేపట్నించీ ఈ ఇంట్లో రొదైనా మార్కుల సంగతి ఎత్తినప్పుడల్లా, హాజిం వల్ల జగ్రూత లేకుండా పోయిందంటారు. దాని పండగ నేను ఎత్తుకుపోయినట్టయింది. అది నన్ను చూస్తే నవ్వడానికి కూడా భయపడాలా?"

సనియ్యాకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నలభై రెండేళ్ళ నాటి తన పుండుకి ఇవాళ వీళ్ళ చేత మందు తాగించబోయింది. వాడిని అడగనైనా అడగలేదు.

"తప్పైపోయిందిరా" అంది. చేతులు తుడుచుకుని వాడి ముఖంలోకి చూసింది. "నీ మార్కులేవిరా?"

"చెప్పానుగా. రెండువందల యాభై..."

"మొత్తం కాదు. విడివిడిగా చెప్పు. ఇందాక ఎవ్వరం అడగలేదు."

హాజిం తటపటాయిస్తూ ఫోను తీశాడు. చదివాడు. ఫ్రెంచి గీత దాటింది, అంతే. ఫిలాసఫీ అంతంతే. జాగ్రఫీ దగ్గర ఆగాడు. "అరవైకి యాభై నాలుగు."

"నీ గది గోడ నిండా అంటించిన దేశపటాలన్నీ నువ్వు గీసినవేగా?"

"ఊఁ."

"అదీ నీ కష్టమే. ఫ్రెంచిలో చదవలేదు, అదీ నిజమే. అక్కణ్ణించి ఎటు పోవాలో కాలేజీల జాబితా వచ్చాక కూర్చుని చూద్దాం. నువ్వు, నేను, అంతే. నాన్న సంగతి నాకొదిలెయ్."

వాడు తలూపాడు. "ఇవాళ మాత్రం దానిది" అన్నాడు.

సనియ్యా నేరుగా రొదైనా గది ముందుకెళ్ళి నిలబడింది. తలుపు కొట్టలేదు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చి తీసింది. జగ్రూత మెట్ల గుండా పైకీ కిందకీ దూసుకుపోయింది. రెండోది తీసేసరికి తలుపు తెరుచుకుంది. మూడో దానికి రొదైనా ఆమె మెడకి వేలాడుతూ ఏడుస్తోంది.

"ఫిజిక్సులో యాభై ఏడు!" సనియ్యా వీధికంతా వినిపించేలా అరిచింది. "ఏడ్చి ఏడ్చి, మళ్ళీ కూర్చుని నేర్చుకుంది నా తల్లి! చూశారా!"

ఇల్లు నిండిపోయింది. షర్బత్ బయటికొచ్చింది. ఉమ్మ్ షహాతా రొదైనాని రెండు బుగ్గలా ముద్దాడి, ఆ ఊపులోనే హాజిం వైపు తిరిగింది. "నీకూ ఇలాగే రావాలి నాయనా!"

అన్నాక నాలుక్కరుచుకుంది. గదిలో అందరూ గ్లాసుల్లోకి చూపులు దించేశారు. సనియ్యా గుండె ఒక్క క్షణం మేడమీది పావురాల గూటికి పోయి వచ్చింది.

"వాడూ రాశాడుగా" అంది, ఇంకో గ్లాసు నింపుతూ, వీధిలో కూరల ధర చెప్పినట్టు మామూలుగా. "అన్నీ పాసయ్యాడు, రెండో విడతకి ఒక్కటీ మిగల్లేదు. మబ్రూక్ చెప్పు."

"మబ్రూక్, మబ్రూక్ నాయనా!" ఉమ్మ్ షహాతా తేలికపడి నవ్వింది. హాజిం కూడా నవ్వి గ్లాసు అందుకున్నాడు. తర్వాత చెల్లెలి పక్కకి పోయి కూర్చున్నాడు. అది తన ఫిజిక్సు పేపరు గురించి గడగడా చెప్పుకుపోతుంటే "ఇక చాల్లేవే" అని జడ లాగాడు.

ట్రే ఖాళీ అయ్యాక సనియ్యా వంటింట్లోకి వచ్చింది. జగ్గు అడుగున ఒక్క గ్లాసుకి సరిపడా మిగిలింది. షురూక్ గ్లాసులు సర్దుతూ, జగ్గు వైపు చూసి తేలిగ్గానే అంది.

"నాకు కలపలేదు కదూ అత్తా, ఆ ఏడు?"

సనియ్యా చెయ్యి ఆగిపోయింది. కలపలేదు. ఈ పిల్ల కూడా పాసయ్యే వచ్చింది. ఆ రోజు ఇంట్లో అందరూ మెల్లమెల్లగా నడిచారు. "పోనీలే, దేవుడి దయ" అన్నారు. నొప్పించకూడదని ఎవ్వరూ మబ్రూక్ అనలేదు. అందరికంటే మెల్లగా నడిచింది తనే.

ఉన్నదంతా గ్లాసులో వంచి, రెండు చేతులతో పట్టుకుని, షురూక్ ముందుకి చాపింది.

"మబ్రూక్ తల్లీ" అంది.

షురూక్ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. గ్లాసు తీసుకుని, నిలబడే గటగటా మొత్తం తాగేసి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"చక్కెర ఎక్కువైంది అత్తా" అంది.