పద్దెనిమిది మిల్లీమీటర్లు

ఆ రోజు డైరీలో ఎంత ఒత్తి రాశానో, కాగితం చిరిగింది. డెబ్బైల చివర్లో ఆటోనగర్‌లోని ఒక వర్క్‌షాపులో కొలతలు తనిఖీ చేసేవాణ్ణి. ఒక ఫర్నేసు షాఫ్టు పొడవు డ్రాయింగులో 6018 మిల్లీమీటర్లు. పక్కన చిన్న అక్షరాల్లో ‘280 డిగ్రీల దగ్గర’ అని ఉంది. మా షెడ్డులో ముప్ఫై డిగ్రీలు. ఉక్కు మీటరు పొడవుకు, వంద డిగ్రీల వేడికి 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆరు మీటర్లకు, రెండువందల యాభై డిగ్రీలకు పద్దెనిమిది. అందుకే లేతు మిషను నడిపే టర్నర్‌ని ఆరువేలకే కోయమన్నాను.

మేనేజరు టేపు పెట్టి, “పద్దెనిమిది తక్కువ!” అని అరిచి, టర్నర్‌ని పనిలోంచి తీసేస్తూ కాగితం రాశాడు.

“నాను సేసిన తప్పేటి బావా?” అని టర్నర్ నన్నడిగాడు.

“డ్రాయింగు పక్కన రాసింది చదవండి,” అన్నాను మేనేజరుతో. “చల్లగా ఉన్నప్పుడే 6018 ఉంటే ఫర్నేసులో 6036 అవుతుంది. రెండు వైపులా తన్నుకుని వంగిపోతుంది.”

“ఇనుమేమన్నా ములక్కాడా, పెరగడానికి?”

ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం కిందే ‘కొలత నాది, తీసేయాల్సింది నన్ను’ అని రాసి సంతకం పెట్టాను. అప్పుడు మేనేజరు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, డ్రాయింగు చదివాడు. కాగితం చింపేశాడు. టర్నర్‌తో మాత్రం ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. అందుకు ఆయన్ని ఈ రోజుకీ క్షమించలేదు.