సంచి లెక్క తేలేదాకా

మా వీధిలో ఆయన్ని అందరూ చెకింగ్ గారు అంటారు. ఆయన ఉద్యోగాన్ని వదిలి రెండేళ్లు దాటింది గానీ ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. సిటీ బస్సులెక్కి టికెట్లు తనిఖీ చేయడం ఆయన పని. ఇప్పటికీ ఎవరింటికైనా వెళితే గుమ్మంలో ఓ క్షణం ఆగి, లోపల ఎంతమంది ఉన్నారో కళ్లతోనే లెక్కేసుకుని గానీ అడుగు పెట్టరు.

ఈ లోకంలో ఆయన నమ్మిన సిద్ధాంతం ఒక్కటే. డబ్బు చెయ్యి మారిన చోట కాగితం పుట్టాలి. పుట్టలేదంటే అక్కడ ఏదో అధర్మం జరిగినట్టు. కూరల కొట్టువాడి దగ్గర కూడా ఆయన ఈ ధర్మాన్ని స్థాపించబోయారు. కొట్టువాడు కొత్తిమీర కట్ట కొసరు వేసి ఆ ప్రయత్నాన్ని విరమింపజేశాడు.

ఆయన రిటైరైన ఏడాదే ఆయన భార్య దూరవిద్యలో డిగ్రీకి చేరింది. ఈ వయసులో చదువేమిటని అడిగినవాళ్లకి, "ఆయన ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే ఉంటున్నారు. నాకు బయటికెళ్లడానికో సాకు కావద్దూ?" అనేది. ఇరుగుపొరుగుకి బట్టలు కుట్టి కూడబెట్టిన డబ్బుతోనే చదువు సాగిస్తోంది. మొదటి రెండేళ్ల పేపర్లన్నీ గట్టెక్కాయి. మిగిలింది ఆఖరి ఏడాది.

ఆ పరీక్ష ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టాలి. ఆవిడ డబ్బు ఆయన ఖాతాలో వేసి, "గడువు దగ్గరికొస్తోందండీ" అని నాలుగైదుసార్లు గుర్తుచేసింది.

"గడువంటే ఆ ఆఖరి రోజు కూడా కలుపుకునే" అని ఆయన ధర్మసూక్ష్మం చెప్పారు.

ఆ ఆఖరి రోజు పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని, ఫోను ముందు ఆసీనులయ్యారు. ఆవిడ హాల్ టికెట్ నంబరు చదివింది, ఆయన కొట్టారు. బ్యాంకు పంపిన ఓటీపీ కూడా కొట్టారు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. అది తిరిగి తిరిగి అలిసిపోయి, సెషన్ టైమ్ అయిపోయిందని ఓ వాక్యం వదిలి మాయమైంది. వెంటనే బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. ఖాతాలోంచి డబ్బు పోయింది. రసీదు మాత్రం లేదు. కాలేజీ సైటు తెరిచి చూస్తే ఆవిడ పేరు ఎదురుగా ఫీజు బకాయి అనే ఉంది. ఆ కిందే ఎర్రటి అక్షరాల్లో, రేపటి నుంచి ఆలస్య రుసుము అని కూడా ఉంది.

ఆయన మొహం చూసి ఆవిడ అంది. "పోనీ ఇంకోసారి కట్టేద్దామా?"

"ఒకే ప్రయాణానికి రెండు టికెట్లా?" అన్నారు చెకింగ్ గారు. గొంతు మాత్రం బస్సులో పలికినంత గట్టిగా పలకలేదు. ఆలస్యం చేసింది తనే. జీవితమంతా ఇతరులకి జరిమానాలు రాసిన చెయ్యి. ఇప్పుడు ఆవిడ సూది డబ్బుల్లోంచి జరిమానా కట్టించబోతోంది. ఫీజు పడకపోతే ఆవిణ్ని పరీక్షకే కూర్చోనివ్వరు.

ఆయన తిన్నగా బ్యాంకుకి వెళ్లారు. అక్కడి ఆఫీసరు కుర్రవాడే గానీ నిదానస్తుడు. డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు రాస్తానంటే ఆపాడు.

"ఆగండి సార్. డబ్బు మా దగ్గర్నుంచి వెళ్లింది. కాలేజీకి చేరిందో, మధ్యలో డబ్బు చేరవేసే పేమెంట్ గేట్‌వే దగ్గర ఆగిందో ఇంకా తెలీదు. మీరిప్పుడే వెనక్కి అడిగారనుకోండి, అది చేరిన డబ్బే అయితే మీ ఫీజుని మీరే వెనక్కి లాక్కున్నట్టు. చేరకపోతే కొన్ని రోజుల్లో దానంతటదే తిరిగొస్తుంది. రాకపోతే అప్పుడు నేనే ఫిర్యాదు రాయిస్తాను."

"మరి ఈలోగా?"

"మీరు ఇవాళే కట్టారనడానికి కాగితం ఇస్తాను."

కాగితం అన్న మాట వినగానే చెకింగ్ గారికి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు తేదీ, మొత్తం, లావాదేవీ నంబరు కనిపించే స్టేట్‌మెంటు మీద ఆఫీసరు ముద్ర వేసి సంతకం పెట్టాడు.

అక్కడి నుంచి కాలేజీ ఫీజుల కౌంటరుకి. కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి స్టేట్‌మెంటు తిరగేసి చూసింది.

"ఇది మీ దగ్గర్నుంచి డబ్బు వెళ్లిందని చెబుతోంది బాబాయ్ గారూ. మాకు చేరిందని చెప్పట్లేదు."

చెకింగ్ గారు ఉలిక్కిపడ్డారు. ఇది ఆయన మాటే. డబ్బిచ్చాను, కండక్టరు టికెట్టివ్వలేదు అని ప్రయాణికులు మొత్తుకున్నప్పుడల్లా, ఇచ్చావు సరే, చేరినట్టు రుజువేదీ అని ఆయన అన్నదే. అయితే ఆయన అన్యాయస్థుడు కారు. అలాంటప్పుడు కండక్టరు సంచి దింపించి, చిల్లరతో సహా లెక్కపెట్టేవారు. ఇచ్చిన టికెట్ల లెక్క కంటే డబ్బు ఎక్కువుంటే ప్రయాణికుడి మాట నిజం. ఎప్పుడూ లెక్కపెట్టకుండా జరిమానా రాయలేదు.

"అమ్మా, మీ సంచి లెక్కపెట్టండి" అన్నారాయన.

ఆ అమ్మాయి తలెత్తింది. ఆయన విడమరిచి చెప్పారు. ఆమె నవ్వింది.

"మాకూ ఆ లెక్క ఉంది. ఏ రోజు డబ్బుకి ఆ రోజు గేట్‌వే వాళ్లు జాబితా పంపుతారు. రసీదు పుట్టని డబ్బు అందులో బయటపడుతుంది. కాకపోతే అది రావడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది."

"అప్పటికి గడువు దాటిపోతుంది కదమ్మా."

"అందుకే ఇవాళే అర్జీ ఇవ్వండి. లావాదేవీ నంబరు రాయండి, ఈ స్టేట్‌మెంటు జతచేయండి. రెండు ప్రతులు. ఒకదాని మీద ఇవాళ్టి తేదీతో మా ముద్ర వేసిస్తాను. డబ్బు మాకు చేరి ఉంటే రసీదు మీరు కట్టిన తేదీతోనే వస్తుంది, ఫైన్ పడదు. తిరిగి మీకే వచ్చేస్తే మళ్లీ కట్టాలి. అప్పుడు ఫైన్ తీసేయమని ప్రిన్సిపాల్ గారిని అడగడానికి ఈ ముద్రే మీకు ఆధారం. తీసేస్తారని నేను మాటివ్వలేను." గోడ పక్కన కుర్చీ చూపించి, "నించునే ఉన్నారు, అలా కూర్చుని రాసుకోండి" అంది.

ముద్ర పడిన ప్రతితో ఆయన ఇల్లు చేరారు. మర్నాడు సైటులో ఆవిడ పేరు పక్కన ఆలస్య రుసుము చేరనే చేరింది. ఆవిడ దాన్ని చూసి, పుస్తకం తెరిచి పరీక్షకి చదవసాగింది. ఆ చదువు చూస్తుంటే ఆయనకి మహా భారమైంది. గంటకోసారి ఫోను చూశారు. మధ్యాహ్నం భోజనం దగ్గర ఉన్నట్టుండి అన్నారు.

"సంచి లెక్కపెడుతున్నంతసేపూ పక్కన నించునేవాళ్లే, ప్యాసింజర్లు. బస్సంతా వాళ్లనే చూస్తుండేది. డబ్బిచ్చినవాళ్లే పాపం, అయినా దొంగల్లా నించునేవాళ్లు. లెక్క సరిగా పెట్టాను, అందులో తిరుగులేదు. కానీ ఒక్కరినైనా కూర్చోమన్నట్టు గుర్తులేదే నాకు."

"మీరు నించునే ఉండేవారుగా" అంది ఆవిడ, మజ్జిగ పోస్తూ. అది సమర్థనో, చురకో ఆయనకి తేలలేదు.

ఆ తర్వాతి రోజు కౌంటరు అమ్మాయే ఫోన్ చేసింది. జాబితాలో ఆవిడ ఫీజు కనబడింది, రసీదు తయారైంది, సైటులో ఫైన్ తీసేశాం అని చెప్పింది. చెకింగ్ గారు చెప్పుల్లో కాళ్లు పెట్టుకునేలోగానే ఆవిడ సంచి భుజాన వేసుకుని ఆయన ముందు నిలబడింది.

కౌంటరు దగ్గర రసీదు ఆయన చేతికొచ్చింది. కట్టిన రోజు తేదీ, లావాదేవీ నంబరు, మొత్తం, ఆవిడ పేరు, ఒక్కొక్కటే ముద్ర పడిన అర్జీతో పోల్చి చూశారు. అలవాటు చొప్పున జేబులోంచి పెన్ను తీసి, రసీదు మూల మీద అడ్డంగా ఓ గీత గీశారు. తనిఖీ అయిన టికెట్ల మీద ఆయన జీవితమంతా గీసిన గీత అదే.

"అయిందా? ఇక నా సీట్లో నన్ను కూర్చోనిస్తారా?" అంది ఆవిడ. రసీదు ఆయన చేతిలోంచి తీసుకుని, మడిచి, పుస్తకంలో పెట్టుకుంది.

వాళ్ల వెనక వరసలో ఒక నడివయసు మనిషి ఫోను తెర కౌంటరు వైపు తిప్పి పట్టుకుని బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు. డబ్బు కట్ అయిందిట, రసీదు రాలేదుట. చెకింగ్ గారు ఆగారు. గోడ పక్కనున్న కుర్చీ లాగి అతని ముందు వేశారు.

"ముందు కూర్చోండి" అన్నారు.