ఒకే ధర, నాలుగు వస్తువులు

సముద్రం ఒడ్డున ఉన్న మా రొయ్యల ఫ్యాక్టరీలో కొత్త ఫ్రీజింగ్ హాలు కట్టిన ఏడాది, పాత హాలు ఒక్క రోజు కూడా ఆగలేదు. ఒక పక్క గోడలు లేస్తుంటే ఇంకో పక్క సరుకు దిగేది. రొయ్యలు ఒలిచే టేబుళ్లను వారానికి ఒక మూలకి జరిపేవాళ్లు. వానల్లో రేకుల కప్పు కారితే ఆడవాళ్లు తలల మీద ప్లాస్టిక్ సంచులు కట్టుకుని ఒలిచారు. కొనుగోలుదారుల తరఫున విదేశాల నుంచి వచ్చిన తనిఖీవాళ్లు చివరికి బాగుందని రాసిచ్చి వెళ్లారు. ఆ సాయంత్రం ఓనరుగారు నన్ను పిలిచి, అందరికీ ఏదైనా బహుమతి ఇద్దాం, రెండు లక్షలు దాటకుండా నువ్వే చూడు అన్నారు.

నేను అక్కడ లెక్కలు చూస్తాను. కాలేజీ ముఖం చూడలేదు. మా నాన్న చిల్లర కొట్టులో నోటితో కూడడం నేర్చుకున్నాను, కంప్యూటరు ఆఫీసులోని కుర్రవాళ్లని అడిగి నేర్చుకున్నాను. ఓనరుగారు చెప్పిన పద్ధతి నాకు చిక్కుగా అనిపించలేదు. కంపెనీ జీతం మీద ఉన్నవాళ్లు ఎనభై మంది, తలకి రెండువేల ఐదువందలు. ఒలిచే ఆడవాళ్లు నలభై ఎనిమిది మంది కూలీల మేస్త్రి కింద, కాంట్రాక్టు మీద, అతని వ్యానులో వస్తారు కాబట్టి వాళ్లకి స్వీటు డబ్బా. ఆ ఖర్చు విడిగా వేసుకోవచ్చన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఒలిచేవాళ్ల పెద్ద, మేమంతా అక్కా అనే ఆమె, గంబూట్లు గుమ్మం బయట విప్పి ఆఫీసులోకి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, బట్టలు తడిగా ఉన్నాయంది. స్వీటు డబ్బా సంగతి ఆమెకి అప్పటికే తెలిసిపోయింది. తలుపు వైపు ఒకసారి చూసి మెల్లగా చెప్పింది.

"వానలప్పుడు సగం మంది రామన్నారన్నా. పక్క ఫ్యాక్టరీలో కప్పు కారదు, ఆడికి పోతామన్నారు. కంపెనీ మనుషుల్ని చూసినట్టే మనల్నీ చూస్తారు, నాది పూచీ అని చెప్పి నిలబెట్టినా. ఇప్పుడు డబ్బా చేతిలో పెట్టుకుని నేను వ్యానెట్లా ఎక్కేది?"

ఆ మాట నిజమేనని నాకు తెలుసు. వాళ్లు పోయుంటే హాలు పూర్తయ్యేది, కానీ దాన్లో పెట్టడానికి సరుకు ఉండేది కాదు. ఓనరుగారితో మాట్లాడతానని చెప్పి పంపించాను.

లెక్క మళ్లీ వేశాను. రెండు లక్షల్ని నూట ఇరవై ఎనిమిది మందికి పంచితే తలకి పదిహేనువందల అరవై రెండున్నర. బహుమతుల మీద కట్టిన జీఎస్టీ మనకి తిరిగి రాదు కాబట్టి ఆ సొమ్ములోనే పన్ను కూడా ఉండాలి. తలకి వచ్చేది అంత తగ్గడం చూసి నాకు ఇంకో ఆలోచన వచ్చింది. అందరికీ సమానం ఎందుకు, హాజరు ప్రకారం మూడు తరగతులు చేస్తే న్యాయంగా ఉంటుంది కదా అనుకుని, ఎంతో సంతోషంగా ఆ కాగితం తీసుకుని ఒలిచే షెడ్డులోకి వెళ్లి అక్కకి చూపించాను. ఆమె చేతులు తుడుచుకుని, కాగితం ముట్టుకోకుండా పక్కనున్న టేబుల్ చూపించింది.

అక్కడ ఆరుగురు ఒలుస్తున్నారు. మా దగ్గర తూకం మనిషికి కాదు, టేబుల్‌కి. ఆరుగురూ ఒలిచింది ఒకే బుట్టలో పడుతుంది, వచ్చిన కూలి ఆరు భాగాలు. ఆ టేబుల్‌లో ఒకామె బిడ్డకి జ్వరం వదలక నెలలో సగం రోజులు రాలేదు. మిగతా ఐదుగురూ ఆమె వాటా కూడా ఒలిచి, ఆరో భాగం ఇంటికి పంపారు. ఆ తూకాలన్నీ రాసింది నేనే.

"ఆ పిల్లకి చిన్న డబ్బా ఇచ్చి వీళ్లకి పెద్దది ఇస్తే, వీళ్లు తీసుకుంటారా అన్నా?" అంది. టేబుల్ దగ్గర ఒకామె తలెత్తకుండానే, "ఇచ్చి చూడమను, మేస్త్రి తలకాయకే కొడతాం" అంది. మిగతావాళ్లు నవ్వారు. మూడు తరగతుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఓనరుగారికి ఇదంతా చెప్పడానికి ఒక పూట పట్టింది. అందరికీ డబ్బే ఇచ్చేద్దామా అన్నారు. డబ్బిస్తే అది జీతంలోకే లెక్కకి వస్తుందని నేనన్నాను. కానీ అసలు కారణం అక్క చెప్పిందే. డబ్బు ఇల్లు చేరకముందే కరిగిపోతుంది, వస్తువైతే మాదని చూపించుకుంటాం అంది. చీరలు అన్నారాయన. నూట ఇరవై ఎనిమిది మందిలో మగవాళ్లు నలభైకి పైన, పైగా రంగుల దగ్గర తగువు. చేతి గడియారాలు అన్నారు. గాజులు, ఉంగరాలు, గడియారాలు హాల్లోకి రానివ్వకూడదని గోడ మీద రాయించింది ఆయనే. అది గుర్తొచ్చి ఆయనే నవ్వేశారు.

చివరికి ఒకే ధరకి నాలుగు వస్తువులు, ఎవరికి కావలసింది వాళ్లు కోరుకునేటట్టు కుదిరింది. నెల్లూరులో హోల్‌సేల్ కొట్టాయనతో బేరమాడి దుప్పట్ల జత, టేబుల్ ఫ్యాను, కుక్కరు, చెవుల్లో పెట్టుకునే బ్లూటూత్, నాలుగూ పన్నుతో కలిపి పదిహేనువందల అరవైకి తెచ్చాను. ఫ్యానులో ఆయనకి కొంచెం పోయింది, కుక్కరులో రాబట్టుకున్నాడు.

ఇదంతా అందరికీ నచ్చిందని చెప్పలేను. ప్యాకింగ్ సూపర్‌వైజరు మంచివాడే, కానీ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "పదేళ్లు చేసిన నాకూ, మేస్త్రి వ్యానెక్కి వచ్చిన మనిషికీ ఒకే ఫ్యానా?" అన్నాడు. పదేళ్ల లెక్క ఇంక్రిమెంటులో చూస్తారు, ఇది ఆ వానల లెక్క అని చెప్పాను. వానల్లో అతను కూడా మోకాళ్ల లోతు నీళ్లలో ట్రేలు మోశాడు. అయితే నాకు దుప్పట్లు రాసుకో అన్నాడు. ఫ్యాను అడుగుతాడనుకున్నాను. ఇంట్లో మూడున్నాయట. ల్యాబులో పనిచేసే అమ్మాయి బ్లూటూత్ అంది. ఫ్రీజింగ్ నడిపే అమ్మోనియా కంప్రెసర్ చూసే పెద్దాయన మాత్రం, ఆ మోత విన్న చెవులకి ఇంక ఏమీ వద్దు, కుక్కరు ఇవ్వమన్నాడు.

మేస్త్రి తన మనుషులవి తనకిస్తే పంచుతానన్నాడు. వద్దని, ఓనరుగారినే షెడ్డులోకి రమ్మన్నాం. ఆయన ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి చేతికిచ్చారు. బిడ్డకి జ్వరం వచ్చిన ఆమె వెనక నిలబడి, నేను సరిగా రాలేదు కదా అని గొణిగింది. టేబుల్‌వాళ్లు ఆమెని ముందుకి తోసేశారు. అక్క అందరికంటే చివర తీసుకుంది, ఫ్యాను. దాన్ని చంకన పెట్టుకుని, తన వాళ్లవైపు తిరిగి, "చెప్పినా గదా" అంది. అంతే. గొంతు కూడా పెంచలేదు.

ఎవరికేమి ఇచ్చామో సంతకాలతో సహా నా దగ్గర పక్కాగా ఉంది. మర్నాడు వ్యాను డ్రైవరు చెప్పాడు, వ్యాను కదిలి ఊరు దాటకముందే పెట్టెలన్నీ విప్పేశారట. కుక్కరు కోరుకున్నామె దుప్పట్లు చూసి మనసు మార్చుకుంది, దుప్పట్లామె చెల్లెలికి బ్లూటూత్ కావాలంది. అన్నీ ఒకే ధరని తెలుసు కాబట్టి ఎవరూ ఎవరికీ పైన ఇవ్వాల్సింది లేదు. వాళ్లు దిగే కోవూరు చేరేసరికి అక్క ఫ్యాను జ్వరం బిడ్డ ఇంటికి వెళ్లింది, అక్క ఒళ్లో కుక్కరుంది. నా కాగితంలో మాత్రం ఆమెకి ఇప్పటికీ ఫ్యానే.