వాలుగీత ఎవరిది?

గల్లీకొక సాఫ్ట్‌వేర్ కంపెనీ వెలిసిన రోజుల్లో, రాంగోపాల్‌పేట్‌లో ఒక పెళ్ళిసంబంధాల బ్యూరో వారి వెబ్‌సైటు నుంచి మాయమైన వధూవరుల ఫొటోలను నేనొక్కణ్ణే పాతాళం నుంచి పైకి లాగానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. పాతాళం అబద్ధం. ఫొటోలు ఎక్కడికీ పోలేదు.

మా ఆఫీసు కంప్యూటర్లన్నీ విండోస్‌వి. సైటు నడవాల్సిన సర్వరు లినక్స్‌ది. అక్కడికి మార్చాక బ్యూరో వాళ్ళు పెట్టిన ఫొటో ఒక్కటీ కనబడలేదు. మా యజమాని నేరుగా ఆ మార్పు చేసిన అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళాడు. శ్రీకాకుళం నుంచి వచ్చింది, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది.

“ఏందమ్మా, ఫొటోలన్నీ ఏడబోయినయ్? సాయంత్రం వాళ్ళొస్తున్నరు. గిట్లయితే నిన్ను పర్మనెంట్ ఎట్ల చేస్తా?”

“నేను సరిగ్గానే ఎక్కించీసేను సార్.”

నేను సర్వరులోకి చూశాను. ‘photos’ ఫోల్డరు ఖాళీ. దాని పక్కనే ‘photos\ramya.jpg’ వంటి పేర్లతో ఫైళ్ళు బారులు తీరి ఉన్నాయి. విండోస్‌లో ఆ వెనక్కి వాలిన గీత, బ్యాక్‌స్లాష్, ఫోల్డరుకూ ఫైలుకూ మధ్య గుమ్మం. లినక్స్‌కు అది పేరులో మరో అక్షరం, అంతే. ప్రోగ్రాంలో ఆ గుమ్మం పెట్టిన లైను రాసింది టీమ్ లీడరునైన నేను.

అది చెప్పకుండా పాఠం మొదలుపెట్టాను. “విండోస్‌కు ముందు డాస్ ఉండేది, మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు సార్. ముందుకు వాలే స్లాష్‌ను కమాండ్ల పక్కన ఆప్షన్లకు వాడేశారు. తరవాత ఫోల్డర్లు వచ్చేసరికి ఆ సీటు ఖాళీ లేదు. అందుకని వెనక్కి వాలిన గీతను తెచ్చారు. యూనిక్స్‌లో మొదటినుంచీ ముందుకు వాలినదే. లినక్స్, కొత్త మాక్ ఆ దారిలోనివే.”

“వారెవ్వా!” అన్నాడు యజమాని.

“చరిత్ర బాగుంది సార్,” అందా అమ్మాయి నావైపు చూస్తూ. “ఆ లైను ఎవలు రాసేరు?”

“టీమన్నాక అందరం కలిసే రాస్తాం కదమ్మా,” అన్నాను.

“ఎవరు రాస్తేంది, ఎక్కించేముందు నువ్వు చూసుకోవాలె గదా,” అని యజమాని ఆమె ప్రొబేషన్ పొడిగించి వెళ్ళిపోయాడు.

ఆమె ఆ గీతను ముందుకు వాల్చి, ఫొటోలను ఫోల్డరులోకి సర్దింది. ఏదో ఒకటి మాట్లాడాలని, “మరి విండోస్‌లో ఆగిపోదా?” అన్నాను, ఆగదని తెలిసే.

“ప్రోగ్రాంలో రాస్తే విండోసూ దీన్ని తీసుకుంటాది సార్. రెండు దగ్గరలా నడుస్తాది.” తల తిప్పలేదు.

సాయంత్రం బ్యూరో వాళ్ళు లడ్డూల డబ్బా తెచ్చారు. “ఫొటోలు ఏడున్నయో మన పెద్దసారే పట్టుకున్నడు,” అని యజమాని మొదట నాకే ఇప్పించాడు. ఆ అమ్మాయి వద్దంది. ఆమె లడ్డూ కూడా నేనే తిన్నాను.