కన్ను తెరవని తీర్మానం

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు రోజూ బస్సులో పోయి వచ్చేవాడికి నాలుగు అబద్ధాలు రాకపోతే పొద్దు పోదు. ఆళ్ళగడ్డలో మా బ్యాంకు బ్రాంచిలో ఖాతాలు తెరిచే బల్ల నాది. ఆ బల్ల దగ్గర నల్లమల చిరుతపులికి కూడా ఖాతా తెరిచానని బస్సులో చెప్పి ఉన్నాను. వేలిముద్ర తీసుకోవడమే కష్టమైందన్నాను. సగం మంది నమ్మారు.

ఒక బుధవారం నా ముందుకు రాతి విగ్రహాలు చెక్కేవాళ్ళ సంఘం వచ్చింది. అధ్యక్షుడు డెబ్బై దాటిన శిల్పి. మాటకొక దగ్గు. కార్యదర్శి ఆయన మేనకోడలు, విగ్రహాలకు నునుపు పెట్టి పెట్టి చేతులు కాయలు కాచిన మనిషి. వాళ్ళ షెడ్డులో లేచే రాతి పొడిని పీల్చే యంత్రం ఒకటి ప్రభుత్వం మంజూరు చేసింది. సంఘం ఖాతా వివరాలు శనివారంలోగా నంద్యాల ఆఫీసులో ఇవ్వకపోతే అది వేరే సంఘానికి పోతుంది.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, నియమావళి, పాన్ కార్డు పక్కపక్కన పెట్టి సంఘం పేరు అక్షరం అక్షరం చూశాను. కలిసింది. ఖాతాను అధ్యక్షుడు, కార్యదర్శి కలిసి నడపాలని నియమావళిలో ఉంది, తీర్మానంలోనూ అదే రాశారు. తీర్మానం తేదీ రిజిస్ట్రేషన్ తర్వాతిదే. కమిటీలో ఏడుగురు. కింద ఆరు సంతకాలే ఉన్నాయి. అధ్యక్షుడి పేరు మీద ఖాళీ.

జిరాక్సులో పడలేదేమోనని మినిట్స్ పుస్తకం అడిగాను. దాంట్లోనూ ఖాళీయే. అప్పుడు నాకు కుతూహలం పుట్టింది. మనిషి ఎదురుగా ఉన్నాడు, సంతకం లేదు. సంఘంలో తగాదా ఉంటే ఈ రోజు తెరిచిన ఖాతా రేపు ఆపమని రెండో వర్గం వస్తుంది.

సూటిగా అడిగితే బాగుండదని ఒక కథ వదిలాను. "వెనక ఒక సంఘమొచ్చింది పెద్దాయనా. అధ్యక్షుడు చచ్చిపోయి రెండేళ్ళయినా ఆయన సంతకం మాత్రం నెలనెలా వస్తా ఉండె."

"నాది దానికి తిరగేసిన కత గదా సార్," అన్నాడు ముసలాయన. "మనిషి బతికుండాడు, సంతకమే పుట్టల్యా."

"ఆ దినం మీటింగుకు పోలేదా?"

"నేనే నడిపిస్తి."

"మరి ఖాతా ఇష్టం లేదా?"

"పొడి మింగేది నేను. నాకెందుకు ఇష్టముండదు?"

మేనకోడలు తల కొట్టుకుంది. "ఎంత చెప్పినా ఇంటాండాడా సార్. బ్యాంకులోనే పెడతానని కూచున్యాడు."

"నువ్వు గమ్మునుండు మే," అని ఆయన నా వైపు తిరిగాడు. "విగ్రహానికి కన్ను షెడ్డులో తెరవం సార్. గుడికి పోయి, పీఠమ్మీద కూచోబెట్టినాంక పెద్దశిల్పి తెరుస్తాడు. అధ్యక్షుడు బ్యాంకులో ఆఫీసరు ఎదురుగానే సంతకం పెట్టల్లని మీవోళ్ళే చెప్పిరి. సరే, ఇదీ అట్లాంటిదే అనుకుంటి."

మావాళ్ళు చెప్పింది నమూనా సంతకం గురించి. అది నా ఎదుటే పెట్టాలి. తీర్మానం మీద సంతకం మాత్రం మీటింగులోనిది. అధ్యక్షత వహించినవాళ్ళ సంతకం లేని తీర్మానం చెల్లదని వాళ్ళ నియమావళిలోనే ఉంది.

"పాత తారీకేసి ఇప్పుడు పెట్టేస్తే పాయె," అంది మేనకోడలు. "ఎవురు చూడొచ్చిరి?"

"అబద్ధాలు చెప్పేది నేనమ్మా. కాగితం చెప్పకూడదు."

ఆమె నవ్వలేదు. "కమిటీ మీటింగుకు ఏడు దినాల నోటీసియ్యల్ల సార్. శనివారం యాడుంది, ఏడు దినాలు యాడుండాయి?"

నియమావళి మళ్ళీ తిప్పాను. ఎప్పుడో ఎక్కడో కాపీ కొట్టి తెచ్చుకున్న పేజీలు. వాళ్ళు చదివినట్టు లేరు. పన్నెండో నియమం కింద చిన్న అక్షరాల్లో ఉంది: కమిటీ సభ్యులందరూ హాజరై ఒప్పుకుంటే నోటీసు లేకుండానే సమావేశం జరపవచ్చు. అందరూ అంటే ఏడుగురూ. ఒక్కడు తగ్గినా లేదు.

"ఐదుగురు షెడ్డులోనే ఉంటాం," అంది ఆమె లెక్కేసి. "ఒకడు మహానందికి పోయినాడు, ఒకడు జ్వరంతో పండుకున్యాడు."

సంఘం చిరునామా చూసి రావడం నా పనే కాబట్టి సాయంత్రం నేనూ షెడ్డుకు పోయాను. తెల్లటి పొడిలో మనుషులు, విగ్రహాలు ఒకే రంగులో ఉన్నారు. గోడ పక్కన ఒక అమ్మవారు, అన్నీ అయి కళ్ళు మాత్రం మిగిలి ఉన్నాయి. జ్వరం మనిషిని దుప్పటితోనే స్కూటర్ మీద తెచ్చారు. మహానంది మనిషి వచ్చేదాకా పుస్తకం తెరవలేదు. వచ్చాక పాత తీర్మానాన్ని రద్దు చేసి, ఆ రోజు తేదీతో కొత్తది రాశారు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. మీటింగు వాళ్ళది.

మరుసటి రోజు కాపీని పుస్తకంతో పోల్చి చూశాను. ఏడు సంతకాలు. నమూనా సంతకాల కార్డు ముసలాయన ముందుకు జరిపి, "ఇప్పుడు తెరువు పెద్దాయనా," అన్నాను.

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. పెన్నును ఉలిలాగా పట్టుకుని, ఒక్కొక్క గీత ఆగి ఆగి పెట్టాడు. అయ్యాక వంగి, సంతకం మీద ఉఫ్‌మని ఊదాడు, అక్కడేదో పొడి ఉన్నట్టు. ఆ ఊదడానికే దగ్గు తెర వచ్చి చాలాసేపు ఆగలేదు.

శుక్రవారం ఖాతా నంబరు వచ్చింది. శనివారం మేనకోడలు నంద్యాలలో కాగితాలిచ్చి రసీదు ఫొటో పంపింది.

సోమవారం బస్సులో ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. పులి కథే బాగుందన్నారు.